అత్యవసర నిధి: నెలలు లెక్కపెట్టే ముందు గడ్డు నెలను కొలవండి

అత్యవసర నిధి ఎంత ఉండాలని అడిగితే కొందరు మూడు నెలల ఖర్చు అంటారు, కొందరు ఆరు నెలలంటారు, మరికొందరు ఏడాది అంటారు. ఈ అంకెలు తప్పు కాదు. అయితే ఏ నెల ఖర్చును లెక్కలోకి తీసుకోవాలి, ఇంట్లో ఎవరి ఆదాయం ఆగిందనుకోవాలి, అది ఎన్నాళ్లు ఆగుతుందనుకోవాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోకపోతే, ఏ అంకె మీ ఇంటికి సరిపోతుందో తేల్చడానికి ఆధారం ఉండదు. నిధి అవసరమయ్యే సందర్భాలు అనేకం ఉన్నా, దాని పరిమాణాన్ని నిర్ణయించేది ముఖ్యంగా ఒకటే: సంపాదించే మనిషి జీతం ఆగిపోవడం. అందుకే ఈ వ్యాసంలో ఆ సందర్భాన్నే పట్టుకుని, కాగితం మీద లెక్క వేయడం దగ్గర మొదలుపెట్టి, డబ్బును ఎక్కడెక్కడ ఉంచాలో తేల్చేదాకా వెళ్దాం. ఏ దేశంలో ఉన్నవారైనా తమ అంకెలు వేసుకోగలిగేలా, ఉదాహరణలో మీ మామూలు నెల మొత్తం ఖర్చును 100 పాళ్లుగా తీసుకుంటున్నాను.

మొదటి మెట్టు: గడ్డు నెల ఖర్చు తేల్చండి

గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు ముందు పెట్టుకోండి. మూడు నెలలవి చాలవు, ఎందుకంటే పిల్లల ఫీజు, బీమా ప్రీమియం, ఇంటి పన్ను వంటివి ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి. వాటిని 12తో భాగించి నెల వాటా తీస్తేగాని అసలు ఖర్చు బయటపడదు. ఆ తర్వాత ప్రతి పద్దు ఎదుట రెండో గడి గీసి, జీతం ఆగిపోయిన నెలలో అదే పద్దుకు ఎంత అవుతుందో రాయండి. ఈ రెండో గడి మొత్తాన్నే నేను గడ్డు నెల ఖర్చు అంటున్నాను.

ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు రంగాల్లో ఉద్యోగం చేస్తున్నారు, ఇద్దరు పిల్లలున్నారు, పెద్దావిడ ఒకరు వారితోనే ఉంటారు. మామూలు నెలలో ఇంటి అప్పు వాయిదాకు 28 పాళ్లు, వంటింటి సరుకులకు 18, పిల్లల ఫీజుకు 10, పెద్దావిడ మందులకు 5, కరెంటు, నీరు, ఫోను బిల్లులకు 6, ప్రయాణాలకు 7, బీమాకు 4, బట్టలకు, బయటి భోజనాలకు, సరదాలకు 10, పొదుపు పథకాలకు 12 పోతాయి. మొత్తం 100.

గడ్డు నెలలో ఇందులో తగ్గేవి ఉంటాయి, తగ్గనివి ఉంటాయి. వాయిదా 28, ఫీజు 10, మందులు 5, బీమా 4 కదలవు. సరుకులు 16కు, బిల్లులు 5కు, ప్రయాణాలు 3కు, సరదాలు 2కు దిగుతాయి. పొదుపు పథకాలను ఆపేస్తారు కాబట్టి అక్కడ సున్నా. ఇంతవరకు 73 అయింది. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. కానీ జీతంతోపాటు పోయేవి కొన్ని, కొత్తగా వచ్చిపడేవి కొన్ని ఉంటాయి. ఈ కుటుంబానికి ఆరోగ్య బీమా భర్త పనిచేసే సంస్థ ఇస్తోంది. ఉద్యోగంతోపాటు అదీ పోతుంది కనుక సొంతంగా తీసుకునే పాలసీకి నెలకు 4 పాళ్లు చేర్చాలి. ఉద్యోగ వేటకయ్యే ప్రయాణాలు, పరీక్ష రుసుములు, ధ్రువపత్రాల వంటివాటికి ఇంకొకటి. గడ్డు నెల ఖర్చు 78 పాళ్లకు తేలింది.

ఈ రెండో గడి నింపేటప్పుడు మనసు చేసే మోసం ఒకటుంది. అన్నీ సగానికి సగం తగ్గించేస్తాం అని రాసేస్తాం. నిజంగా జీతం ఆగిన ఇళ్లలో మొదటి రెండు నెలలు ఖర్చు పెద్దగా తగ్గదు, ఎందుకంటే రేపో మాపో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో పాత పద్ధతే నడుస్తుంది. కాబట్టి ఈ గడిలో ఏ పద్దును తగ్గించినా, మొదటి వారంలోనే ఆపగలిగినంత మేరకే తగ్గించండి.

రెండో మెట్టు: లోటు ఎంత, ఎన్నాళ్లు

ఇప్పుడు ఆ నెలలో ఇంకా వచ్చే ఆదాయం చూడండి. భార్య జీతం చేతికందేది 40 పాళ్లు అనుకుందాం. 78లోంచి 40 తీసేస్తే నెల లోటు 38. నిధి పూడ్చవలసింది ఈ 38ని. అయితే రెండో జీతాన్ని ఇలా లెక్కలోకి తీసుకోవడానికి ఒక షరతు ఉంది: ఇద్దరి ఉద్యోగాలూ ఒకే దెబ్బకు పోయేవి కాకూడదు. ఇద్దరూ ఒకే సంస్థలోనో, ఒకే పరిశ్రమలోనో ఉంటే, లేదా ఒకరు చేసే వ్యాపారానికి ఇంకొకరి సంస్థే ప్రధాన ఖాతాదారు అయితే, రెండో ఆదాయాన్ని సున్నా అనుకునే లెక్క వేయండి. అద్దె ఆదాయం ఉన్నవారు కూడా ఏడాదిలో ఒకటి రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటుందని తీసేసి మిగిలినదే రాయాలి.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు జవాబు ఉద్యోగం దొరికేదాకా కాదు, కొత్త జీతం ఖాతాలో పడేదాకా. మధ్యలో ఉన్న దూరాన్ని చాలామంది మరచిపోతారు. మీ హోదాలో, మీ వయసులో, మీ రంగంలో ఇటీవల ఉద్యోగం మారిన ముగ్గురు నలుగురిని అడగండి; వారిలో అందరికంటే ఆలస్యంగా దొరికినవారి కాలాన్ని తీసుకోండి. ఈ ఉదాహరణలో అది నాలుగు నెలలు. ఆఫర్ చేతికొచ్చాక పత్రాల పరిశీలన పూర్తయి చేరేసరికి ఒక నెల. చేరాక మొదటి జీతం ఆ నెలాఖరుకు గాని రాదు కనుక మరో నెల. అంతా కలిపి ఆరు నెలలు. సంస్థ ఇచ్చే నోటీసు కాలపు జీతం మీ నియామక పత్రంలో స్పష్టంగా రాసి ఉంటే ఒక నెల తగ్గించుకోవచ్చు. లేదంటే దాన్ని లెక్కలోకి తేకండి. పదవి పెరిగేకొద్దీ అలాంటి ఖాళీలు అరుదవుతాయి కాబట్టి ఈ కాలం కూడా పెరుగుతుంది. జీతం పెరిగిందన్న ధైర్యంతో నిధిని పట్టించుకోనివారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

ఆరు నెలలకు 38 చొప్పున 228 పాళ్లు. దీనికి ఒకేసారి వచ్చిపడే పెద్ద ఖర్చు ఒకటి కలపాలి. ఆసుపత్రి బిల్లులో బీమా ఇవ్వని వాటా కావచ్చు, ఇంట్లో వెంటనే చేయించక తప్పని మరమ్మతు కావచ్చు. గత అయిదేళ్లలో మీ ఇంట్లో అలా వచ్చిన వాటిలో పెద్దదాన్ని చూసి రాయండి. ఇక్కడ 60 అనుకున్నాం. మొత్తం 288.

ఇంకో పరీక్ష మిగిలింది. ఇద్దరి జీతాలూ ఒకేసారి ఆగితే ఎన్నాళ్లు నిలబడగలరు? 288ని 78తో భాగిస్తే నాలుగు నెలలు కూడా నిండవు. రెండు ఆదాయాల ఇల్లయినా, రెండూ లేకుండా కనీసం నాలుగు గడ్డు నెలలు గడవాలన్నది నా అభిప్రాయం. అంటే 312 పాళ్లు. ఈ రెండు అంకెల్లో పెద్దదాన్ని తీసుకుంటే, ఈ కుటుంబం లక్ష్యం 312. అంటే వారి మామూలు ఖర్చు లెక్కన మూడు నెలలకు కాస్త ఎక్కువ.

ఇప్పుడు అదే ఇల్లు, అదే ఖర్చు, కానీ సంపాదించేది ఒక్కరే, అదీ స్వతంత్రంగా పని పట్టుకుని చేసుకునేవారు అనుకోండి. ఆదుకునే రెండో జీతం లేదు కాబట్టి లోటు మొత్తం 78. పనులు మళ్లీ పుంజుకుని, బిల్లు పంపి, ఆ డబ్బు చేతికొచ్చేసరికి తొమ్మిది నెలలు తీసుకుంటే 702, పెద్ద ఖర్చు 60 కలిపితే 762. ఒకే ఖర్చున్న రెండిళ్లలో ఒకరికి మూడు నెలలు చాలగా, మరొకరికి ఏడున్నర నెలలు దాటింది. మూడు నెలలన్నవారూ, ఆరు నెలలన్నవారూ, ఏడాది అన్నవారూ తమ తమ ఇళ్ల గురించి సరిగ్గానే చెప్పారని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మూడో మెట్టు: ఎంత త్వరగా చేతికి రావాలో దాన్నిబట్టి విడదీయండి

312 పాళ్లూ ఒకే రోజు అవసరం కావు. జీతం ఆగితే మొదటి నెల 38, రెండో నెల మరో 38 కావాలి. ఆసుపత్రి అయితే ఈ రాత్రికే కొంత, వారంలో మరికొంత కావాలి. కాబట్టి నిధిని మూడు అరలుగా చేయండి: ఈ రాత్రికి అందేది, రెండు మూడు రోజుల్లో అందేది, వారంలో అందేది.

మొదటి అరలో గడ్డు నెల ఖర్చులో సుమారు సగం, అంటే 40 పాళ్లు సరిపోతాయి. ఇందులో చిన్న భాగం ఇంట్లో నగదుగా ఉండాలి, మిగిలింది పొదుపు ఖాతాలో ఉండాలి. ఇంట్లో నగదు ఎందుకని అడిగేవారికి సైప్రస్‌ను గుర్తుచేస్తాను. 2013 మార్చి 16న ఆర్థిక సహాయ ఒప్పందం ప్రకటించాక అక్కడి బ్యాంకులు మూతపడి, మార్చి 28న గాని తెరుచుకోలేదు; తెరిచాక కూడా రోజుకు 300 యూరోలకు మించి తీయనివ్వలేదు. అంత దూరం పోకుండానే, తుఫానులో కరెంటు, నెట్‌వర్క్ పోయి రెండు రోజులు కార్డులు పనిచేయని పరిస్థితి ఎక్కడైనా వస్తుంది. వారం పది రోజుల సరుకులకు, మందులకు సరిపడే నగదు చాలు. అంతకు మించితే దొంగ భయమే మిగులుతుంది.

ఈ పొదుపు ఖాతా ఏ బ్యాంకులో తెరవాలన్నది చాలామంది ఆలోచించని విషయం. మీ ఇంటి అప్పు ఉన్న బ్యాంకులో దాన్ని పెట్టకండి. అప్పు వాయిదాలు తప్పినప్పుడు అదే బ్యాంకులో ఉన్న మీ డిపాజిట్లనుంచి బకాయిని సర్దుబాటు చేసుకునే హక్కు బ్యాంకులకు చాలా దేశాల్లో ఉంటుంది. జీతం ఆగిన నెలలో ముందుగా పెద్దావిడ మందులు కొనాలా, వాయిదా కట్టాలా అన్న నిర్ణయం మీ చేతుల్లో ఉండాలంటే, ఆ డబ్బు వేరే బ్యాంకులో ఉండాలి. రోజువారీ ఖర్చులు నడిచే జీతం ఖాతాలోనూ కలపవద్దు. కలిపితే నిధి ఎంత ఉందో మూడో నెలకే మీకు తెలియకుండా పోతుంది.

రెండో అరలో రెండు గడ్డు నెలల ఖర్చు, అంటే 156 పాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా ఉంచండి. అయితే ఒకే డిపాజిట్ వేయకుండా 39 చొప్పున నాలుగు వేయండి. గడువుకు ముందే తీస్తే సాధారణంగా అసలు పోదు, వడ్డీలో కొంత కోత పడుతుంది. నాలుగు ముక్కలుగా ఉంటే, 39 అవసరమైన నెలలో ఒక్కటే విరుగుతుంది, మిగిలిన మూడింటి వడ్డీ చెక్కుచెదరదు. వేసేముందు గడువుకు ముందు తీసుకునే వీలుందా, ఆన్‌లైన్‌లో మూయవచ్చా, సెలవు రోజున మూసినా డబ్బు ఖాతాలో పడుతుందా అని మూడు ప్రశ్నలు అడగండి. గడువు తీరేదాకా తీయడానికి వీల్లేని డిపాజిట్లు కూడా ఉంటాయి. అర శాతం ఎక్కువ వడ్డీ వస్తుందని వాటిలో పెడితే అది అత్యవసర నిధి కాదు.

డిపాజిట్ బీమా పరిమితిని కూడా ఇక్కడే చూసుకోండి. బ్యాంకు మునిగితే ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో ఎంతవరకు తిరిగి ఇస్తారన్నది దేశాన్నిబట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో అది 1,00,000 యూరోలు, అమెరికాలో 2,50,000 డాలర్లు, భారతదేశంలో 2020 నుంచి 5 లక్షల రూపాయలు, అదీ అసలు, వడ్డీ కలిపి. సైప్రస్‌లోని రెండు పెద్ద బ్యాంకుల్లో నష్టపోయింది ఆ 1,00,000 యూరోల పరిమితి దాటిన డిపాజిట్లే. మీ నిధి పరిమితిని మించితే రెండో బ్యాంకుకు పంచండి.

మిగిలిన 116 పాళ్లు మూడో అర. ఇవి కూడా డిపాజిట్లలోనే ఉన్నా తప్పేమీ లేదు. కొంచెం మెరుగైన రాబడి కావాలనుకుంటే, అతి తక్కువ గడువున్న ప్రభుత్వ పత్రాల్లో, బ్యాంకు పత్రాల్లో డబ్బు పెట్టే మనీ మార్కెట్ ఫండ్ లేదా లిక్విడ్ ఫండ్ ఎంచుకోవచ్చు. అమ్మిన తర్వాత డబ్బు సాధారణంగా ఒకటి రెండు పనిదినాల్లో వస్తుంది. కానీ ఇది డిపాజిట్ కాదని, దీనికి బీమా ఉండదని గుర్తుంచుకోవాలి. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ అనే అమెరికా పెట్టుబడి బ్యాంకు దివాలా తీసిన మర్నాడే, అమెరికాలో రిజర్వ్ ప్రైమరీ ఫండ్ అనే పాత మనీ మార్కెట్ ఫండ్ విలువ ఒక డాలరునుంచి 97 సెంట్లకు పడిపోయింది, ఎందుకంటే అందులో లేమన్ రుణపత్రాలు ఉన్నాయి. మూడు సెంట్ల నష్టం కంటే, డబ్బు తిరిగి రావడానికి మదుపరులు చాలాకాలం ఎదురుచూడవలసి రావడమే పెద్ద కష్టం. అందుకే ఫండ్ ఎంచుకునేటప్పుడు రాబడుల పట్టికలో పైనున్నదాన్ని కాక, ఎక్కువ భాగం ప్రభుత్వ పత్రాలున్నదాన్ని చూడండి. పక్కవాటికంటే స్పష్టంగా ఎక్కువ రాబడి చూపిస్తున్న ఫండ్ ఎక్కడో ఎక్కువ ముప్పు తీసుకుంటోందనే అర్థం.

షేర్లలో ఎందుకు పెట్టకూడదో కూడా అదే 2008 నాటి ఆర్థిక సంక్షోభం చెబుతుంది. 2007 అక్టోబరునుంచి 2009 మార్చివరకు అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ సగానికి పైగా పడింది. అక్కడ నిరుద్యోగ రేటు 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. ఉద్యోగాలు పోవడం, షేర్ల ధరలు పడటం ఒకే కారణంవల్ల దాదాపు ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి, మీకు డబ్బు కావలసిన రోజే షేర్ల విలువ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. క్రెడిట్ కార్డు పరిమితిని నిధిగా లెక్కించేవారికీ ఇదే జవాబు: ఆ పరిమితి బ్యాంకుది, గడ్డుకాలంలో దాన్ని తగ్గించే హక్కు కూడా బ్యాంకుదే. బంగారం, స్థలం, బంధువులకు ఇచ్చిన చేబదులు ఆస్తులే గాని, ఈ వారంలో చేతికందే డబ్బు కావు.

నాలుగో మెట్టు: మీరు మంచంలో ఉన్నా డబ్బు బయటికి రావాలి

నిధి కట్టుకున్నవారు కూడా తరచుగా పట్టుబడేది ఇక్కడే. ఖాతా ఒక్కరి పేరున ఉంటుంది, ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది, ఆ ఫోను తెరిచే సంకేతం ఆయనకే తెలుసు, ఆయనేమో ఐసీయూలో ఉంటాడు. నాకు తెలిసిన ఒక ఇంట్లో సరిపడా డబ్బు ఉండి కూడా తొలి మూడు రోజులు అప్పు చేసి ఆసుపత్రికి కట్టవలసి వచ్చింది. అప్పటినుంచి ఈ మెట్టును నేను మిగతావాటికంటే ముఖ్యంగా చెబుతున్నాను.

మొదటి అర ఖాతా ఇద్దరి పేరునా ఉండాలి, ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా తీయగలిగే పద్ధతిలో ఉండాలి. ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలన్న పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఇద్దరికీ వేర్వేరు కార్డులు తీసుకోండి. నామినీ పేరు రాశాం కదా అనుకోవద్దు: నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు మరణించాకే, ఆయన స్పృహలో లేనప్పుడు కాదు. ఏ బ్యాంకులో ఏముందో, ఏ అరనుంచి ముందు తీయాలో ఒక కాగితం మీద రాసి, ఇద్దరికీ తెలిసిన చోట ఉంచండి. రహస్య సంకేతాలు మాత్రం ఆ కాగితం మీద రాయకండి.

ఆ తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం, ఖాతాలు మామూలుగా చూసుకోనివారి చేత మూడు అరలనుంచీ చిన్న చిన్న మొత్తాలు తీయించండి. కార్డు గడువు తీరిందా, పాత ఫోను నంబరు మీద ఖాతా ఉందా, ఫండ్ డబ్బు సోమవారం వచ్చిందా మంగళవారం వచ్చిందా అన్నవి ఆ రోజే బయటపడతాయి.

నింపడం, వాడటం, మళ్లీ నింపడం

అధిక వడ్డీ కార్డు అప్పు ఉన్నవారు 312 పూర్తయ్యేదాకా ఆ అప్పును మోయనవసరం లేదు. ముందు ఒక గడ్డు నెల ఖర్చు, అంటే 78 పాళ్లు సమకూర్చుకోండి, తర్వాత ఆ అప్పు తీర్చేయండి, అటుపై మిగిలిన నిధిని నింపండి. నింపే క్రమం కూడా మొదటి అరనుంచే.

నిధిలోంచి ఏటా ఒకే నెలలో డబ్బు తీస్తున్నట్టు గమనిస్తే, అది అత్యవసరం కాదు, మీరు లెక్కలోకి తీసుకోని వార్షిక ఖర్చు. వాహన బీమా, ఫీజు, పండుగ ఖర్చు ఇలాగే నిధిలోకి చొరబడతాయి. వాటికి నెలనెలా కొంత వేసే వేరే ఖాతా తెరిస్తే నిధి జోలికి వెళ్లే అవసరం ఉండదు.

నిజంగా అవసరం వచ్చినప్పుడు ముందు మొదటి అర, ఆ తర్వాత ఒక్కొక్క డిపాజిట్, చివరగా ఫండ్ వాడండి. ఫండ్ విలువలో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం ఈ క్రమాన్ని తిప్పి, ముందు ఫండ్‌నే తీసేయండి. జీతం మళ్లీ మొదలయ్యాక, ఆపిన పొదుపు పథకాలను వెంటనే తెరవకుండా, ఆ 12 పాళ్లనూ నిధికి మళ్లించండి. సరదాల్లో తగ్గించిన 8 పాళ్లను కూడా కొన్నాళ్లు అలాగే ఉంచితే నెలకు 20 చొప్పున, వాడిన 228 పాళ్లు ఏడాదిలోపే తిరిగి నిండుతాయి.

ఏడాదికొకసారి రెండో గడిని మళ్లీ నింపండి. కొత్త అప్పు తీసుకున్నా, పిల్లలు పుట్టినా, ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానినా ఏడాది ఆగకుండా ఆ వారమే లెక్క సరిచూసుకోండి, ఎందుకంటే పైన చూసిన ఇంట్లో భార్య ఉద్యోగం మానిన రోజున ఆరు నెలల నెలవారీ లోటే 228నుంచి 468కి పెరుగుతుంది.